రీలా, స్లైడ్లా, ఫొటోనా, రాతా?

2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ పేరు తెలుగు రాష్ట్రాలంతటా మోగిపోయింది. తినడానికి వెళ్లిన యూట్యూబర్లు, ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు తీసిన చిన్న చిన్న వీడియోలే ఆ పేరును ఇంటింటికీ చేర్చాయి. జనం ఎంతగా పోటెత్తారంటే ట్రాఫిక్ స్తంభించి, అక్కడ అమ్మకం ఆపేయమని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నాక ఆమె మళ్లీ అదే చోట వడ్డించగలిగారు.

ఆ తర్వాత చిన్న వ్యాపారుల్లో ఒక నమ్మకం గట్టిపడింది: ఒక్క రీల్ పేలితే చాలు, వ్యాపారం దానంతటదే నడుస్తుందని. కానీ ఆ ఉదంతంలో కలిసొచ్చిన సంగతులు వేరే ఉన్నాయి. అక్కడ అమ్మింది ప్లేటు భోజనం. చూసినవాళ్లలో వేలమంది అదే నగరంలో ఉన్నారు. వెళ్లి తిందామా వద్దా అని తేల్చుకోవడానికి నిమిషం చాలు. అదే పదివేల రూపాయల పట్టు చీర అయితే కొనేవాళ్లు రోజుల తరబడి ఆలోచిస్తారు, అక్కకో అమ్మకో చూపిస్తారు, నేత అసలైనదేనా అని అనుమానపడతారు. ఆ అనుమానం ముప్పై సెకన్ల వీడియోతో తీరదు.

సోషల్ మీడియాలో చిన్న వీడియో, వరుస స్లైడ్లతో వచ్చే క్యారౌసెల్, ఒంటి ఫొటో, ఉత్త రాత అనే నాలుగు రూపాలున్నాయి. వీటిలో ఏది మంచిది అని అడిగితే జవాబు దొరకదు. పోస్టు చూశాక అవతలి మనిషి ఏం చేయాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఆగి చూడాలా, దాచుకోవాలా, ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలా, జవాబు రాయాలా? రూపం ఏదన్నది అక్కడే తేలుతుంది.

దీన్ని ఒక దుకాణంతోనే చూద్దాం. భూదాన్ పోచంపల్లిలో ఇక్కత్ చీరలు నేసి అమ్మే కుటుంబం ఒకటి ఉందనుకుందాం. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు వేల మంది ఫాలోయర్లు, వాట్సాప్‌లో నాలుగైదు వందల పాత కస్టమర్లు, ఫోన్ పట్టుకుని పోస్టులు పెట్టడానికి ఇంట్లో ఒక్క మనిషి. బతుకమ్మకు ఇంకా ఆరు వారాలుంది.

కొత్తవాళ్ల కంట పడాలంటే

మొదటి లక్ష్యం ఆ దుకాణం పేరు కూడా వినని వాళ్లకు అది ఉందని తెలియజేయడం. ఇక్కడ చిన్న వీడియోకు సాటి లేదు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించాక, ఆ ఖాళీలోకి అదే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశానికి వచ్చాయి. ఫాలో అవుతున్నవాళ్లకే కాక, ఆసక్తి ఉండొచ్చని యాప్ ఊహించిన అపరిచితులకు కూడా వీటిని చూపిస్తారు.

ఆ ఊహ దేని మీద ఆధారపడుతుందో ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో వివరించారు. జనం ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది మరొకరికి పంపారు అనే మూడూ అన్నిటికంటే ముఖ్యమని చెప్పారు. ఫాలోయర్లకు చేరడంలో లైకుల బరువు ఎక్కువ, కొత్తవాళ్లకు చేరడంలో పంపకాల బరువు ఎక్కువ అని కూడా అన్నారు. అంటే కొత్తవాళ్ల కోసం తీసే రీల్‌కు పరీక్ష ఒకటే: దీన్ని చూసిన మనిషి ఇంకొకరికి ఎందుకు పంపుతుంది?

పోచంపల్లి కుటుంబానికి ఆ కారణం ఇంట్లోనే ఉంది. చిటికి కట్టి రంగులో ముంచిన నూలు కట్టను విప్పుతుంటే, కట్టిన చోట తెల్లగా, కట్టని చోట ఎర్రగా డిజైన్ బయటపడే క్షణం చూడముచ్చటగా ఉంటుంది. ఆసు పోయడం ఇంకొకటి. ఒక్క చీర నూలు కోసం చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి పడే ఆ కష్టం చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కొంగు పరిచి చూపించే వీడియోలు వేలల్లో వస్తుంటాయి. కట్ట విప్పే వీడియో మాత్రం నేసేవాళ్ల దగ్గరే దొరుకుతుంది.

రీల్‌ను చెడగొట్టేది మొదటి రెండు మూడు సెకన్లు. దుకాణం బోర్డు, నమస్కారం, పేరు, ఊరు అంటూ మొదలుపెడితే చూసేవాళ్లు పైకి తోసేస్తారు. కట్ట విప్పుతున్న వేళ్లతోనే మొదలవ్వాలి, పేరు తర్వాత రావచ్చు. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు గనుక చెప్పే మాట తెర మీద తెలుగు అక్షరాల్లో కూడా ఉండాలి. ఆ అక్షరాలు తెర కింది భాగంలోనో కుడి అంచునో పెడితే యాప్ బటన్లు, క్యాప్షన్ వాటిని కప్పేస్తాయి.

పాట విషయంలో ఇంకో చిక్కుంది. బిజినెస్ ఖాతాలకు సినిమా పాటల లైబ్రరీని ఇన్‌స్టాగ్రామ్ చాలావరకు ఇవ్వదు. పాటను బయట కలిపి ఎక్కిస్తే కాపీరైట్ కింద శబ్దం తీసేసే ప్రమాదం ఉంది. మగ్గం చప్పుడుకు ఆ బెడద లేదు, పైగా ఈ వీడియోకు అదే బాగా నప్పుతుంది.

రీల్ వల్ల కానిది కూడా తెలుసుకోవాలి. వ్యూస్ అంకెలో ఒకే మనిషి రెండు మూడుసార్లు చూసినవీ కలుస్తాయి. ఎంతమంది వేర్వేరు మనుషులు చూశారో తెలియాలంటే ఇన్‌సైట్స్‌లో రీచ్ చూడాలి, అందులో ఫాలో కానివాళ్లు ఎందరో చూడాలి. అక్కడ కూడా లక్ష కనిపించినా అందులో చీర కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు ఎందరన్నది ఆ అంకె చెప్పదు.

అనుమానం తీర్చాలంటే

కొత్తగా వచ్చిన మనిషి ప్రొఫైల్ తెరుస్తుంది. ఇక్కడ చీర పన్నెండు వేలు, ఇంకెక్కడో అలాంటిదే పన్నెండు వందలు. తేడా ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి క్యారౌసెల్ సరిగ్గా సరిపోతుంది. వీడియో తన వేగంతో నడుస్తుంది. స్లైడ్లను మాత్రం చదివేవాళ్లు తమ వేగంతో జరుపుకుంటారు, వెనక్కి వెళ్లి సరిచూసుకుంటారు, కొనే రోజు కోసం సేవ్ చేసుకుంటారు. పోల్చి చూపాల్సినవీ, వరుసలో చెప్పాల్సినవీ, మళ్లీ అవసరపడేవీ దీనికి తగిన సరుకు.

ఇన్‌స్టాగ్రామ్ 2017లో దీన్ని పది ఫొటోలతో మొదలుపెట్టి, 2024లో ఇరవైకి పెంచింది. ఇరవై పెట్టుకోవచ్చు గదా అని ఇరవై నింపాల్సిన పని లేదు. పోచంపల్లి దుకాణానికి ఏడు చాలు.

మొదటి స్లైడ్ మీద ఒక్క ప్రశ్న: ‘ఇది నేసిన ఇక్కతా, అచ్చు వేసిందా?’ పక్కపక్కనే రెండు గుడ్డలు, జవాబు ఉండదు. రెండో దాంట్లో చీర వెనక వైపు. నేసిన ఇక్కత్‌లో రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి ముందూ వెనకా డిజైన్ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన దాంట్లో వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. మూడోది డిజైన్ అంచుల దగ్గరి ఫొటో. ఇక్కత్ అంచు కొద్దిగా చెదిరినట్టు, పొగ పట్టినట్టు ఉంటుంది, అచ్చు అంచు గీత గీసినట్టుంటుంది. నాలుగోది ఒక పోగును బయటికి లాగి చూపించేది. నేసిన ఇక్కత్ అయితే ఆ ఒక్క పోగు మీదే రంగులు మారుతూ కనిపిస్తాయి.

అయిదో స్లైడ్‌తో ధర లెక్క మొదలవుతుంది. పడుగుకో పేకకో ఒకదానికే చిటికి కడితే సింగిల్ ఇక్కత్, రెండిటికీ కట్టి మగ్గం మీద రెండు డిజైన్లూ కలిసేలా నేస్తే డబుల్ ఇక్కత్. పుట్టపాక తేలియా రుమాలు ఈ రెండో రకమే. ఆరో స్లైడ్‌లో ఈ రెండు రకాల చీరలు, కింద వాటి ధరలు. ఏడో దాంట్లో వాట్సాప్ నంబరు, చీర వెనక వైపు వీడియో అడిగితే పంపుతామన్న ఒక్క మాట.

పని ఇక్కడితో అయిపోలేదు. స్లైడ్లన్నిటికీ మొదటి దాని కొలతే వర్తిస్తుంది. మొదటిది చదరంగా పెట్టి రెండోది నిలువుగా పెడితే రెండో దాని తలా తోకా తెగిపోతాయి. అన్నీ 1080 వెడల్పు, 1350 ఎత్తులో చేసుకుంటే ఫోన్ తెరలో ఎక్కువ చోటు దక్కుతుంది. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేటులో అక్షరాలు పోస్తే వరుసలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. స్లైడ్‌కు రెండు మూడు వాక్యాలకు మించితే ఫోన్‌లో చదవడం కష్టం.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. మొదటి స్లైడ్ చూసి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టును కొన్నిసార్లు రెండో స్లైడ్ నుంచి మళ్లీ చూపిస్తుంది. అందుకే రెండోది మొదటి దాని తోకలా కాకుండా, విడిగా చూసినా అర్థమయ్యేలా ఉండాలి. చీర వెనక వైపు ఫొటోను రెండో చోట పెట్టడం అందుకే.

క్యారౌసెల్ పనిచేసిందో లేదో లైకులు చెప్పవు. చూడాల్సింది సేవ్‌లు, ఆ పోస్టు నుంచి ప్రొఫైల్‌కు వచ్చినవాళ్లు, వచ్చిన మెసేజుల్లోని ప్రశ్నలు. ‘ఎంత?’ అని మాత్రమే అడిగేవాళ్లు తగ్గి ‘డబుల్ ఇక్కత్‌లో నీలం ఉందా?’ అని అడిగేవాళ్లు పెరిగితే స్లైడ్లు చదివారన్నమాట.

ఒక్క సంగతి చెప్పాలంటే

చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యమైనప్పుడు దాన్ని ఏడు స్లైడ్లు చేయడం, వీడియోగా సాగదీయడం వృథా. కొత్త సరుకు వచ్చింది, ఫలానా తేదీ లోపు ఆర్డరిస్తే పండక్కి అందుతుంది, ఆదివారం దుకాణం తెరిచే ఉంటుంది వంటి వాటికి ఒంటి ఫొటో చాలు. చూసీ చూడగానే అర్థమవడం దాని బలం.

ఈ బలాన్ని అమూల్ 1966 నుంచీ వాడుకుంటోంది. సిల్వెస్టర్ డకున్హా బృందం సృష్టించిన పోల్కా చుక్కల గౌను పాప, ఆ వారపు వార్త, ఒక చమత్కారం, అంతే. రోడ్డు పక్క హోర్డింగు కోసం పుట్టిన పద్ధతి ఫోన్ తెర మీద కూడా మారకుండా నడుస్తోంది. బండి మీద పోతూ చూసినా అందేలా చేసిన బొమ్మ, బొటనవేలితో తోసేస్తూ చూసినా అందుతుంది.

మన ఊళ్లలో ఒంటి ఫొటోను పాడుచేసేది ఫ్లెక్సీ అలవాటు. దేవుడి బొమ్మ, యజమాని బొమ్మ, పన్నెండు చీరలు, మూడు ఫోన్ నంబర్లు, చిరునామా, డిస్కౌంట్, ‘షరతులు వర్తిస్తాయి’, అన్నీ ఒకే చదరంలో. వాట్సాప్‌లో రెండుసార్లు ఫార్వర్డ్ అయ్యేసరికి బొమ్మ నాణ్యత తగ్గి ఆ చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. పోచంపల్లి దుకాణం పెట్టాల్సింది ఒక చీర ఫొటో, దాని మీద ‘బతుకమ్మకు అందాలంటే ఆర్డరుకు చివరి తేదీ’ అని పెద్ద అక్షరాల్లో ఆ తేదీ. మిగతా వివరాలు క్యాప్షన్‌లో ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి, వాట్సాప్ లింకు ప్రొఫైల్‌లోనో స్టోరీలోనో పెట్టాలి.

ఈ ఫొటోకు అసలు చోటు ఇన్‌స్టాగ్రామ్ కన్నా వాట్సాప్ స్టేటస్. ఆ నాలుగైదు వందల మంది ఇదివరకే కొన్నవాళ్లు. వాళ్లకు నమ్మకం కొత్తగా కలిగించాల్సిన పని లేదు, తేదీ తెలిస్తే చాలు. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది గనుక చివరి తేదీకి వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి పెట్టాలి. దీనికి కొలమానం కూడా సూటిగా ఉంటుంది: ఆ తేదీ లోపు ఎన్ని ఆర్డర్లు వచ్చాయి?

మాట్లాడించాలంటే

2019 జులైలో జొమాటో ట్విటర్‌లో ఒక్క వాక్యం హిందీలో రాసింది. అప్పుడప్పుడూ ఇంటి భోజనం కూడా చేయాలన్నది దాని సారం. భోజనం ఇంటికి తెచ్చి ఇచ్చే కంపెనీ ఆ మాట అనడమే చమత్కారం. ఫొటో లేదు, వీడియో లేదు. యూట్యూబ్ ఇండియా, అమెజాన్ ప్రైమ్ వీడియో వంటివి అదే ధోరణిలో తమ మీద తాము జోకులేసుకుంటూ అనుకరించాయి. రాత ఖర్చు లేనిదే అయినా ఎదుటివాళ్ల చేత తిరిగి రాయించగలదని ఆ సంఘటన చూపించింది.

అయితే జొమాటో లక్ష్యం నలుగురి నోళ్లలో నానడం. చిన్న దుకాణం ఆ చమత్కారాన్ని అనుకరిస్తే ఒరిగేది తక్కువ. దానికి రాత పనికొచ్చే చోటు వేరు: టోకు కొనుగోలుదారులు. హైదరాబాద్, బెంగళూరు బొటిక్ యజమానులు, డిజైనర్లు లింక్డిన్‌లో, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఉంటారు. వాళ్లకు కావలసింది అందమైన వీడియో కాదు. నెలకు ఎన్ని మీటర్లు నేయగలరు, కనీస ఆర్డరు ఎంత, కొత్త డిజైనుకు నూలు కట్టడం నుంచి నేత దాకా ఎన్ని రోజులు, రంగు తేడా వస్తే ఏం చేస్తారు? వీటికి జవాబులు నాలుగు పేరాల్లో తిన్నగా రాస్తే, అడగాల్సిన ప్రశ్నలున్నవాళ్లు కింద కామెంట్లలో అడుగుతారు.

లింక్డిన్‌లో మొదటి రెండు మూడు వరుసలే కనిపించి మిగతాది ‘ఇంకా చదవండి’ వెనక దాక్కుంటుంది. కాబట్టి ‘మా సంస్థ ఎంతో కాలంగా’ అని మొదలుపెట్టకుండా, ‘డబుల్ ఇక్కత్ ఆర్డరు ఆలస్యమయ్యేది మగ్గం దగ్గర కాదు, నూలు కట్టే దగ్గర’ లాంటి అసలు మాటతో మొదలుపెట్టాలి. ‘నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి’ అని అడుక్కునే వాక్యాలు మానేయాలి. అలాంటి పోస్టులను కిందికి తోస్తామని ఫేస్‌బుక్ 2017లోనే ప్రకటించింది. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో ఉత్త రాతకు చోటు లేదు, అక్కడ ఫొటోనో వీడియోనో ఉండాల్సిందే.

ఆరు వారాలు, ఒక లెక్క

ఇప్పుడు ఈ నాలుగింటినీ వరుసలో పెట్టవచ్చు. మొదటి రెండు వారాల్లో కట్ట విప్పే రీల్, ఆసు రీల్, రంగుల రీల్. మూడు, నాలుగు వారాల్లో అసలు నకిలీ క్యారౌసెల్, ఆపైన ధరల తేడా మీద మరొకటి. అయిదో వారం కొత్త సరుకు ఫొటోలు, చివరి తేదీ ఫొటో. టోకు రాత ఈ హడావుడిలో ఇమడదు, బొటిక్‌లు పండగకు చాలా ముందే సరుకు మాట్లాడుకుంటాయి గనుక దాన్ని ఇంకో రెండు మూడు నెలలు ముందుకు జరపాలి.

ఫలితాలు ఎలా చదవాలో తెలియడానికి కొన్ని ఊహా అంకెలు తీసుకుందాం. రీల్ 40,000 మందికి చేరింది, అందులో 300 మంది ప్రొఫైల్ తెరిచారు, 8 మంది మెసేజ్ చేశారు, ఒక చీర అమ్ముడైంది. క్యారౌసెల్ 2,500 మందికే చేరింది, 150 మంది సేవ్ చేశారు, 20 మంది మెసేజ్ చేశారు, అయిదు చీరలు పోయాయి. ఇది చూసి రీల్స్ దండగ, ఇకనుంచి క్యారౌసెల్సే అనుకోవడం తొందరపాటు. క్యారౌసెల్ చూసినవాళ్లలో కొందరు రెండు వారాల కింద రీల్ చూసి ఫాలో అయినవాళ్లే కావచ్చు. రీల్స్ ఆపేస్తే ఈ నెల ఏమీ తెలియదు, కొత్తవాళ్ల రాక తగ్గి కొన్ని నెలల తర్వాత తెలుస్తుంది.

దీన్ని ఏ యాప్ డ్యాష్‌బోర్డూ పూర్తిగా చెప్పలేదు. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకునేటప్పుడు ‘మమ్మల్ని మొదట ఎక్కడ చూశారండీ?’ అని ఒక్క ప్రశ్న అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటే తెలుస్తుంది. పోల్చేటప్పుడు కూడా రీల్‌ను రీల్‌తోనే, స్లైడ్లను స్లైడ్లతోనే పోల్చాలి. ఈ వారం రీల్‌లో మొదటి సెకన్లు మారిస్తే పాట, నిడివి, పోస్టు పెట్టే వేళ మార్చకూడదు. అన్నీ ఒకేసారి మారిస్తే పెరిగినా తగ్గినా ఎందుకో అంతుపట్టదు.

ఇంట్లో ఒక్క మనిషి, వారానికి నాలుగైదు గంటలు మాత్రమే ఉన్న ఇలాంటి చేనేత దుకాణానికైతే పంపకం ఇలా ఉంటే సరి. ఎలాగూ జరిగే పని దగ్గర ఫోన్ నిలబెట్టి వారానికో పది రోజులకో ఒక రీల్. కస్టమర్లు పదే పదే అడిగే ప్రశ్న మీద నెలకు రెండు క్యారౌసెల్స్, ఎక్కువ గంటలు వీటికే. చెప్పడానికి తేదీనో సరుకో ఉన్నప్పుడు మాత్రమే ఒంటి ఫొటో. టోకు ఆర్డర్లు కావాలనుకుంటేనే రాత. భోజనశాల అయితే రీల్స్ పాలు పెంచుకోవాలి, ట్యూషన్ సెంటరో క్లినిక్కో అయితే స్లైడ్ల పాలు పెంచుకోవాలి. రోజుకో పోస్టు ఉండి తీరాలన్న పట్టుదలతో ఖాళీ ‘శుభోదయం’ బొమ్మలు పెట్టే గంటలను ఆ క్యారౌసెల్స్‌కు మళ్లించడం మేలు.